బత్తాయి తోట పంపు డ్రైవ్‌కు హీట్ సింక్: ఫిన్ల సందు 4 మిల్లీమీటర్లా, 8నా, 12నా?

నల్లగొండ దగ్గర ఒక బత్తాయి తోటలో 3 హెచ్‌పీ సోలార్ పంపు ఉంది. దాని డ్రైవ్‌కు హీట్ సింక్ ఎంచింది నేనే. మొదటిసారి తప్పు ఎంచాను. స్టెడీ స్టేట్ థర్మల్ స్టడీ చేసి, రంగుల బొమ్మ చూసి, ఫిన్లు దగ్గరదగ్గరగా ఉన్న ముక్కను ఖాయం చేశాను. ఏప్రిల్ చివర్లో రైతు ఫోన్ చేశాడు. "సార్, పొద్దుగాల మంచిగనే నడుస్తది. పన్నెండు దాటినంక బంద్ అయితది. అర్ధగంటకు మళ్ల దానంతటదే లేస్తది." ఎండ బాగా కాసి నీళ్లు ఎక్కువ తోడాల్సిన వేళకే మోటారు ఆగిపోతోంది. కాయ మీదున్న తోటకు ఆ రెండు గంటల నీళ్లు చిన్న విషయం కాదు.

సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. నేనిచ్చిన ఒకే ఒక్క అంకె తప్పు. ఆ అంకె కన్వెక్షన్ కోఎఫిషియంట్, ఇక నుంచి దాన్ని h అంటాను. ఒక చదరపు మీటరు ఉపరితలం, గాలి కంటే ఒక డిగ్రీ వేడిగా ఉంటే, ఎన్ని వాట్లను గాలికి వదులుతుందో అది చెబుతుంది. ఫిన్ల సందు మారితే h కూడా మారుతుంది. ఈ రెంటినీ విడదీసి స్టడీ చేస్తే ఏం జరుగుతుందో, కలిపి చేస్తే ఏ సందు ఎంచుకోవాలో ఈ ఒక్క కేసు పట్టుకుని చెబుతాను.

ముందు కొలతలు. 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు. డ్రైవ్‌లో దాదాపు 2 శాతం వేడిగా పోతుంది అనుకుంటే 45 వాట్లు. డ్రైవ్ డబ్బా రేకుల షెడ్డు లోపల గోడకు నిలువుగా బిగించి ఉంటుంది. హీట్ సింక్ డబ్బా వెనక బయటకు ఉంటుంది, ఫ్యాన్ లేదు. అల్యూమినియం బేస్ వెడల్పు 200 మి.మీ., నిలువు ఎత్తు 150 మి.మీ., మందం 8 మి.మీ. ఫిన్ ఒక్కొక్కటి బేస్ నుంచి 40 మి.మీ. బయటకు వస్తుంది, మందం 2 మి.మీ. మే నెల మధ్యాహ్నం నల్లగొండలో గాలి 45 డిగ్రీలు ఉండే రోజులు వస్తాయి కాబట్టి అదే పెట్టుకున్నాను. బేస్ మీద ఉన్న థర్మల్ స్విచ్ 90 డిగ్రీల దగ్గర డ్రైవ్‌ను ఆపేస్తుంది. ఇవన్నీ స్థిరం. మార్చగలిగింది ఫిన్ల మధ్య సందు ఒక్కటే. 4 మి.మీ. సందు పెడితే ఆ వెడల్పులో 34 ఫిన్లు పడతాయి, 8కి వెంట్రుకవాసి తక్కువ పెడితే 21, 12 పెడితే 15.

సోలార్ డ్రైవ్‌కు స్టెడీ స్టేట్ స్టడీ సరిపోతుందా అని ఒక మిత్రుడు అడిగాడు. సరిపోతుంది. ఈ ముక్క బరువు కిలో పైచిలుకు. 45 వాట్లు పోస్తూ ఉంటే గంటా గంటంబావులో వేడి ఒక చోట నిలబడిపోతుంది. పంపు ఎండ ఉన్నంతసేపు గంటలకొద్దీ నడుస్తుంది. కాబట్టి అది చివరికి చేరే ఉష్ణోగ్రత తెలిస్తే చాలు, మధ్యలో ఎలా ఎక్కిందో అవసరం లేదు. ఐదు నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగే పరికరమైతే ఈ మాట చెల్లదు.

స్టడీ పెట్టే పద్ధతి

నేను వాడేది ఆన్సిస్. అందులో `Steady-State Thermal` తీసుకుని మోడల్ తెచ్చి, మెటీరియల్‌కు ఉష్ణ వాహకత 200 ఇచ్చాను. ఎక్స్‌ట్రూజన్ హీట్ సింక్‌లకు సాధారణంగా వాడే 6063 అల్యూమినియంకు అది దగ్గరి విలువ. వేడిని `Heat Flow` గా 45 వాట్లు ఇచ్చాను. అయితే బేస్ మొత్తం మీద కాదు. పవర్ మాడ్యూల్ ఆనే 60 × 45 మి.మీ. చోటును విడి ఫేస్‌గా కోసి, అక్కడ మాత్రమే ఇవ్వాలి. బేస్ అంతటా పరిచేస్తే మాడ్యూల్ కింద వచ్చే మూడు నాలుగు డిగ్రీల ఎక్కువ వేడి కనిపించకుండా పోతుంది. తర్వాత ఫిన్ల పక్కలు, ఫిన్ల మధ్య కనిపించే బేస్ చారలు, రెండు చివరి ఫిన్ల బయటి ముఖాలు ఎంచుకుని `Convection` పెట్టాలి. అక్కడ అడిగేవి రెండే: `Film Coefficient`, `Ambient Temperature`. ఒక ఫేస్ ఎంచుకోవడం మరిచిపోతే ఆ ఫేస్ నుంచి వేడి అసలు బయటకు పోదు, సాఫ్ట్‌వేర్ దాన్ని కప్పి ఉంచినట్టే లెక్కిస్తుంది. అందుకే ఎంచుకున్న ఫేసుల మొత్తం వైశాల్యాన్ని చేత్తో వేసిన లెక్కతో సరిచూస్తాను. 8 మి.మీ. సందు మోడల్‌కు అది సుమారు 0.276 చదరపు మీటర్లు రావాలి.

మెష్ గురించి చాలామంది రోజులు ఖర్చు చేస్తారు. ఈ సమస్యలో అంత అవసరం లేదు. ఈ h దగ్గర ఫిన్ మొదలుకు, కొసకు మధ్య తేడా ఒక డిగ్రీ కూడా రాదు. ఫిన్ మందంలో రెండు ఎలిమెంట్లు ఉంటే చాలు, ఇంకా చిన్నవి చేసినా సమాధానం కదలదు. ఇదే కారణంతో రాగి హీట్ సింక్ కొని కూడా ఇక్కడ పెద్దగా లాభం లేదు. వేడి లోహంలో సులువుగానే పారుతోంది, లోహం నుంచి గాలిలోకి పోవడం దగ్గరే ఆగుతోంది.

h ఎక్కడి నుంచి తేవాలి

ఇక్కడే అసలు ఎంపిక. మూడు దారులున్నాయి.

మొదటిది అందరం చేసేది. పుస్తకం చివర పట్టికలో ఫ్యాన్ లేని గాలికి 5 నుంచి 25 అని ఉంటుంది. భద్రంగా ఉండాలని 5 తీసుకుని మూడు మోడళ్లకూ అదే ఇస్తాం. నేను ఇచ్చింది కూడా అదే. దీనితో 4 మి.మీ. సందుకు బేస్ 66 డిగ్రీలు, 8కి 78, 12కి 89 వచ్చాయి. ఫిన్లు ఎక్కువైతే వైశాల్యం ఎక్కువ, వైశాల్యం ఎక్కువైతే చల్లదనం ఎక్కువ. చూడగానే నమ్మబుద్ధేసే ఫలితం. 4 మి.మీ. ముక్క తెప్పించి బిగించాను.

గాలి సంగతి నేను ఆలోచించలేదు. నిలువు ఫిన్ల మధ్య గాలి వేడెక్కి, తేలికై, పైకి లేస్తుంది. దాని చోటులోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. ప్రతి ఫిన్ ముఖానికీ ఒక పలుచని వేడి గాలి పొర అంటుకుని, పైకి పోయేకొద్దీ మందమవుతుంది. సందు వెడల్పుగా ఉంటే రెండు పొరలూ ఒకదాన్నొకటి తాకకుండా పైకి పోతాయి. సందు ఇరుకైతే కింద కొద్ది దూరంలోనే కలిసిపోతాయి. ఆ పైన ఉన్న ఫిన్ అంతా అప్పటికే వేడెక్కిన గాలిలో నిలబడి ఉంటుంది. పైగా ఇరుకు సందులో గాలికి రాపిడి ఎక్కువ, అది మెల్లగా నడుస్తుంది. 34 ఫిన్ల వైశాల్యం కాగితం మీద ఉంటుంది గానీ దాన్ని తడిమి పోయే చల్లగాలి ఉండదు.

రెండో దారి, ప్రతి సందుకూ h విడిగా లెక్కించడం. సమాంతర నిలువు పలకల మధ్య ఈ గాలి కదలికను ఎలెన్‌బాస్ 1942లోనే ప్రయోగాలతో కొలిచాడు. బార్-కోహెన్, రోహ్సెనో 1984లో దాన్ని ఇరుకు సందుకూ, వెడల్పు సందుకూ పనికొచ్చే ఒకే సూత్రంగా కుదిర్చారు. పైథాన్‌లో రాస్తే ఇంతే:

```python
def h(s, L, Ts, Ta):
    T  = (Ts + Ta)/2 + 273.15
    k  = 0.0263 + 7.4e-5*(T - 300)
    nu = (15.89 + 0.1006*(T - 300))*1e-6
    al = (22.5 + 0.148*(T - 300))*1e-6
    El = 9.81*(Ts - Ta)/T * s**4/(nu*al*L)
    return k/s / (576/El**2 + 2.873/El**0.5)**0.5
```

ఇందులో `s` సందు, `L` గాలి పారే దిశలో ఫిన్ పొడవు, రెండూ మీటర్లలో. `Ts` ఫిన్ ఉష్ణోగ్రత, `Ta` కింది నుంచి వచ్చే గాలి ఉష్ణోగ్రత. మధ్య వరుసలు ఆ వేడి దగ్గర గాలి గుణాలు. `El` అంటే ఎలెన్‌బాస్ సంఖ్య, అందులో సందు నాలుగో ఘాతంలో ఉందని గమనించండి. సందు సగమైతే ఆ సంఖ్య పదహారో వంతుకు పడిపోతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్లకే ఫలితం అంతగా మారడానికి కారణం అదే. `h(0.008, 0.15, 80, 45)` అని అడిగితే 4.6 రావాలి. అది వస్తే మీరు ఎక్కించినది సరిగ్గా ఉన్నట్టే.

ఒక చిక్కు ఉంది. h కావాలంటే ఫిన్ ఉష్ణోగ్రత తెలియాలి, ఫిన్ ఉష్ణోగ్రత కావాలంటే h తెలియాలి. అందుకే ముందు 80 అని ఊహించి h తీసి స్టడీలో పెడతాం. స్టడీ వేరే ఉష్ణోగ్రత ఇస్తే దానితో మళ్లీ h తీస్తాం. మూడు నాలుగు సార్లలో రెండూ కలుస్తాయి. చివరి రెండు ఫిన్ల బయటి ముఖాలు సందులో లేవు, అవి విడిగా నిలబడ్డ పలక లాంటివి. వాటికి 6 దరిదాపు విలువ వేరే ఇచ్చాను. ఇలా చేశాక మూడు మోడళ్లూ ఇలా వచ్చాయి:

| సందు | ఫిన్లు | h 5 అనుకుంటే బేస్ | లెక్కించిన h | దానితో బేస్ |
|---|---|---|---|---|
| 4 మి.మీ. | 34 | 66 °C | 1.5 | 109 °C |
| 8 మి.మీ. | 21 | 78 °C | 4.6 | 80 °C |
| 12 మి.మీ. | 15 | 89 °C | 5.7 | 84 °C |

వరుస తలకిందులైంది. అన్నింటికంటే చల్లగా ఉంటుందనుకున్న ముక్క 109 దాకా పోవాలని చూస్తోంది, దారిలో 90 దగ్గర స్విచ్ పడుతోంది, చల్లారాక మళ్లీ లేస్తోంది. రైతు చెప్పింది అక్షరాలా ఇదే. 8 మి.మీ. దగ్గర పాత స్టడీకీ కొత్తదానికీ రెండు డిగ్రీలే తేడా ఉంది. అది ఆ 5 అనే అంకె మంచిదని కాదు, ఆ ఒక్క సందు దగ్గర అది కాకతాళీయంగా సరిపోయిందని. ఎవరైనా "మేమెప్పుడూ 5 పెడతాం, బాగానే వస్తుంది" అంటే వాళ్లు ఎప్పుడూ ఒకే రకం హీట్ సింక్ వాడుతున్నారని అర్థం.

ఈ సూత్రం నుంచే, ఇంత ఎత్తుకు ఎక్కువ వేడిని తీసుకుపోయే సందు ఎంతో కూడా వస్తుంది. మన కొలతలకు అది 8.1 మి.మీ. ఫిన్ ఎత్తు పెరిగితే ఈ సందు కూడా కొద్దిగా పెరుగుతుంది, ఎందుకంటే పైకి పోయేకొద్దీ గాలి పొరలు మందమవుతాయి. 300 మి.మీ. ఎత్తు ముక్కకు 150 మి.మీ. ముక్క సందే పెట్టకూడదు.

ఈ రెండో దారిలోనే చేతి పని తగ్గించే మార్గం ఒకటుంది. 10, 20, 30, 40, 50, 60 డిగ్రీల తేడాలకు h లెక్కించి, `Film Coefficient` దగ్గర ఒకే అంకె బదులు `Tabular` ఎంచుకుని ఆ పట్టికను ఇవ్వవచ్చు. `Coefficient Type` లో `Difference of Surface and Bulk Temperature` ఎంచుకుంటే సాఫ్ట్‌వేర్ తానే తిరిగి తిరిగి కలుపుకుంటుంది. సందులు ఐదారు పోల్చాలన్నా, గాలి ఉష్ణోగ్రత మార్చి చూడాలన్నా నేను ఇదే వాడతాను. రెండు మూడు కేసులే అయితే చేత్తో తిప్పడమే మేలు, h ఎలా మారుతోందో కళ్లకు కనిపిస్తుంది.

మూడో దారి, గాలిని కూడా మోడల్ చేసి సీఎఫ్‌డీ నడపడం. అప్పుడు h మనం ఇవ్వక్కర్లేదు, అదే వస్తుంది. డబ్బా పైన షెడ్డు రేకు దగ్గరగా ఉన్నా, కింద గోడ మూల అడ్డుగా ఉన్నా, ఫిన్లు వంపుగా ఉన్నా సూత్రం పనికిరాదు, ఇదే దిక్కు. కానీ ఫ్యాన్ లేని గాలికి సీఎఫ్‌డీ మొండిగా ఉంటుంది. చుట్టూ గాలి పెట్టె తగినంత పెద్దగా ఉండాలి, సందులో అడ్డంగా కనీసం ఏడెనిమిది గడులు ఉండాలి. లేకపోతే గంటలు నడిచి కూడా తప్పు చెబుతుంది. నా సలహా: సందు ఎంచుకోవడానికి రెండో దారి, ఎంచుకున్న ఒక్క ముక్కను చివరగా పరీక్షించడానికి, అదీ డబ్బా చుట్టూ అడ్డంకులు ఉంటేనే, మూడో దారి. మొదటి దారి రెండు సందులను పోల్చడానికి అసలు పనికిరాదు.

ఏది తప్పో స్టడీ చెప్పదు

మా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక తమ్ముడు `Convection` మీద రియాక్షన్ ప్రోబ్ పెట్టి "అన్నా, సరిగ్గా 45 వాట్లు బయటకు పోతున్నయ్, స్టడీ కరెక్టే" అన్నాడు. ఆ పరీక్ష చేయాల్సిందే. 45 రాకపోతే ఎక్కడో వేడి ఇవ్వడంలోనో, యూనిట్లలోనో పొరపాటు ఉన్నట్టు. కానీ స్టెడీ స్టేట్ అంటేనే వచ్చిన వేడి అంతా బయటకు పోయే స్థితి. h 1 ఇచ్చినా, 50 ఇచ్చినా ఆ ప్రోబ్ 45 అనే చూపిస్తుంది. h సరైనదో కాదో అది చెప్పలేదు. నా తప్పు స్టడీలో కూడా 45 వాట్లూ ఖచ్చితంగా బయటకు పోయాయి.

ఇంకో చోట జాగ్రత్త కావాలి. పై సూత్రం ఇచ్చే h, ఫిన్‌కూ కింద లోపలికి వచ్చే గాలికీ మధ్య తేడా మీద కట్టింది. సందులో గాలి వేడెక్కడం అందులోనే కలిసి ఉంది. కాబట్టి `Ambient Temperature` 45 ఉంచాలి. "సందులో గాలి వేడిగా ఉంటుంది కదా" అని దాన్ని 55 చేస్తే అదే విషయాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. షెడ్డు లోపలి గాలే బయటికంటే వేడిగా ఉంటే అది వేరే సంగతి, అప్పుడు థర్మామీటరు డబ్బా కింద పెట్టి చదివిన విలువే ఇవ్వాలి. రేకుల షెడ్డులో ఐదు డిగ్రీలు పెరిగితే బేస్ కూడా దాదాపు అంతే పెరుగుతుంది.

రేడియేషన్ కూడా చాలామంది తడబడే చోటు. నల్లని ఆనోడైజింగ్ చేసిన హీట్ సింక్ నీడలో ఉంటే రేడియేషన్ నిజంగా సాయం చేస్తుంది, మన ముక్కకు ఏడెనిమిది డిగ్రీల దాకా. కానీ స్టడీలో ఫిన్ల ముఖాలన్నింటికీ `Radiation` పెట్టి, అది పరిసరాలకు పోతుందని చెబితే నిజం కంటే నాలుగు రెట్లు దాకా ఎక్కువ వేడి పోయినట్టు చూపిస్తుంది. ఫిన్ ఎదుటి ఫిన్‌ను చూస్తోంది, దాని వేడి మళ్లీ దానికే వస్తుంది. బయటకు చూసేది హీట్ సింక్ మొత్తాన్ని కాగితంలో చుడితే కనిపించే పెట్టె ముఖాలు మాత్రమే. చుట్టూ ఉన్న రేకు ఎండకు కాలి గాలి కంటే వేడిగా ఉంటే ఆ సాయం కూడా తగ్గుతుంది. హీట్ సింక్ మీదే పడమటి ఎండ నేరుగా పడితే, నలుపు రంగు పీల్చుకునే వేడి అది వదిలే వేడికి సమానం కావచ్చు, మించనూ వచ్చు. అందుకే నేను రేడియేషన్‌ను లెక్కలో కలపకుండా, చేతిలో మిగులుగా ఉంచుకుంటాను.

8 కాదు, 10 ఎందుకు తీసుకున్నాం

పట్టిక చూస్తే 8 మి.మీ. గెలిచింది. ల్యాబ్‌లో అయితే నేనూ అదే తీసుకునేవాణ్ని. కానీ ఆ తోట చెల్క నేలలో ఉంది. పక్కన మట్టి బాట, ట్రాక్టరు పోయిన ప్రతిసారీ ఎర్ర దుమ్ము లేస్తుంది. పాత ముక్క విప్పినప్పుడు ఫిన్లకు రెండు పక్కలా దాదాపు మిల్లీమీటరు మందాన మట్టి పట్టి ఉంది. రైతు దాన్ని ప్రతి నెలా బ్రష్‌తో తుడుస్తాడని నేను అనుకోలేను, అడగడం కూడా న్యాయం కాదు.

అందుకని స్టడీని మట్టి పట్టిన సందుతో మళ్లీ చేశాను. ప్రతి పక్కా 1 మి.మీ. పోతే సందు 2 మి.మీ. తగ్గుతుంది. 8 మి.మీ. ముక్క 6 అయ్యేసరికి బేస్ 80 నుంచి 91కి ఎగబాకింది, అంటే స్విచ్ పడుతుంది. 12 మి.మీ. ముక్క 10 అయితే 84 నుంచి 86కు మాత్రమే పోయింది. ఇరుకు వైపు ఒక్కో మిల్లీమీటరు పోవడం చాలా ఖరీదు, వెడల్పు వైపు అంత నష్టం ఉండదు. నాలుగో ఘాతం ఇక్కడ కూడా తన పని చేస్తోంది. మంచి సందుకు కొంచెం వెడల్పుగా తప్పినా నష్టం తక్కువ, కొంచెం ఇరుకుగా తప్పితే నష్టం చాలా ఎక్కువ. ఎక్స్‌ట్రూజన్ ముక్క ఎంచేటప్పుడు మీ కొలతకు సరిగ్గా దొరక్కపోతే వెడల్పు వైపే జరగండి.

మధ్యలో 10 మి.మీ. సందు, 17 ఫిన్లు చూశాను. శుభ్రంగా ఉంటే 82, మట్టి పడితే 86. మట్టి పట్టినప్పుడు అది 12తో సమానం, శుభ్రంగా ఉన్నప్పుడు దానికంటే రెండు డిగ్రీలు మేలు. 8 మి.మీ. ముక్క కంటే నాలుగు ఫిన్లు తక్కువ కాబట్టి అల్యూమినియం కూడా ఆదా. హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నది అదే. మట్టి పొర తానే వేడికి అడ్డు పడే సంగతి ఈ అంకెల్లో లేదు, దానివల్ల ఇంకో రెండు డిగ్రీలు పెరగవచ్చు. రేడియేషన్ మిగులు దాన్ని మోస్తుంది. హీట్ సింక్ మీద ఎండ పడకుండా చూడటం మాత్రం తప్పనిసరి, అందుకే డబ్బాను పడమటి గోడ నుంచి ఉత్తరపు గోడకు మార్పించాను.

ఫ్యాన్ పెడితే లెక్క వేరు. 4 మి.మీ. సందులో గాలిని సెకనుకు 2 మీటర్ల వేగంతో తోస్తే h 27 దాటుతుంది. మొదట తప్పిపోయిన ఆ ఇరుకు ముక్కే బేస్‌ను 52 దగ్గర ఉంచగలదు. కాబట్టి ఫ్యాన్ ఉంటే ఇరుకు సందు, ఫ్యాన్ లేకపోతే వెడల్పు సందు. ఫ్యాన్ కేసులో h సందులోని గాలికి సంబంధించింది కాబట్టి ఆ గాలి వేడెక్కడాన్ని విడిగా కలపాలి, ఇక్కడ అది నాలుగు డిగ్రీలు. కానీ మట్టి బాట పక్కన ఫ్యాన్ రెండేళ్లు తిరుగుతుందని నేను భరోసా ఇవ్వలేను. అది ఆగిన రోజున మిగిలేది 109 డిగ్రీల ముక్కే. మహబూబ్‌నగర్‌లో గది లోపల, ఫిల్టర్ ఉన్న ప్యానెల్‌లో అయితే నేను ఫ్యాన్‌కే ఓటేస్తాను, చిన్న ముక్కతో పని అయిపోతుంది.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఈ లెక్కంతా ఫిన్లు నిలువుగా ఉండి, కిందా పైనా గాలికి దారి ఉంటేనే. బిగించే మనిషి కేబుల్ వీలు కోసం డబ్బాను పక్కకు తిప్పితే ఫిన్లు అడ్డం పడతాయి, గాలి సందులో ఎక్కడికీ పోదు. అప్పుడు పై సూత్రానికి అర్థం లేదు. మేం డబ్బా మీద "ఈ వైపు పైకి" అని పెయింటుతో రాసి, కింద 150 మి.మీ., పైన 150 మి.మీ. ఖాళీ ఉండాలని గోడ మీద గీత గీసి ఇచ్చాం.

బిగించాక సరిచూడటం

స్టడీ నిజమా అని తెలుసుకునేది కొలిచినప్పుడే. 2 థర్మోకపుల్‌లు చాలు: ఒకటి బేస్ మీద, మాడ్యూల్ అంచుకు కాస్త దూరంగా, ఒకటి హీట్ సింక్‌కు కింద, లోపలికి పోయే గాలిలో, ఎండ తగలకుండా. పంపు ఎండ నడినెత్తికి వచ్చాక కనీసం గంటన్నర ఆగకుండా నడవాలి. పది నిమిషాలకొకసారి రాసుకుంటూ పోతే, రెండు వరుస రీడింగుల మధ్య అర డిగ్రీ కూడా కదలనప్పుడు స్టెడీ స్టేట్ వచ్చినట్టు. ముందే చదివితే 70 కనబడి అనవసరంగా సంతోషపడతాం.

చూడాల్సింది బేస్ ఎంత వేడిగా ఉందని కాదు, బేస్‌కూ గాలికీ తేడా ఎంత అని. 10 మి.మీ. ముక్కకు శుభ్రంగా ఉన్నప్పుడు ఆ తేడా 45 వాట్ల దగ్గర 37 డిగ్రీల లోపు ఉండాలి, నల్లని ముక్క నీడలో ఉంటే 30 దాకా దిగవచ్చు. గాలి ఆ రోజు 38 మాత్రమే ఉన్నా ఆ తేడా పెద్దగా మారదు కాబట్టి మే నెల దాకా ఆగక్కర్లేదు, ఫిబ్రవరిలోనే తెలుసుకోవచ్చు. తేడా 45 దాటితే మూడే చూస్తాను: డ్రైవ్ నష్టం 45 వాట్ల కంటే ఎక్కువ ఉందేమో, కిందా పైనా దారి మూసుకుందేమో, సందులో మట్టి ఎంత పట్టిందో. మట్టిని టార్చ్ వేసి కింది నుంచి పైకి చూస్తే తెలిసిపోతుంది, అవతలి వైపు వెలుగు సన్నని గీతలా కనిపిస్తే తుడవాల్సిన వేళ వచ్చిందన్నమాట.